ఉందా? ఫైనల్ ఎంత?

పాత బండి అమ్ముతామని ఓఎల్‌ఎక్స్‌లోనో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో ఫోటో పెట్టి చూడండి. టీ తాగి వచ్చేలోపు ఫోను నిండిపోతుంది. "ఉందా?", "ఇంకా ఉందా అండి?", "ఫైనల్ ఎంత?", "లాస్ట్ ప్రైస్ చెప్పు బ్రో." ఎవరు అడిగినా ఈ రెండు ప్రశ్నలే. ఉందా, తగ్గిస్తారా? మొదటి నలుగురికీ ఓపికగా జవాబిస్తాం. ఐదో మనిషికి "ఉంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాం. పదో మనిషికి అదీ రాయం. ఆ పదో మనిషే డబ్బు జేబులో పెట్టుకుని బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నవాడు కావచ్చు.

అందుకే జవాబులు ముందే రాసి పెట్టుకోమంటారు. నిజానికి టైపింగ్ శ్రమ తగ్గడం అన్నది చిన్న లాభం. అమ్మేవాడు నెమ్మదిగా ఉన్నప్పుడు, ఎవరూ తొందర పెట్టనప్పుడు ఏం చెప్పాలో తేల్చుకుంటాడు కదా, అదే పెద్ద లాభం. రాత్రి పదిన్నరకు "35కి ఇచ్చేయండి, ఇప్పుడే వస్తా" అని మెసేజి వచ్చినప్పుడు అప్పటికప్పుడు ఆలోచించేవాడు తప్పకుండా తడబడతాడు.

ఒక బండినే తీసుకుని చూద్దాం. 2019 మోడల్ యాక్టివా 5జీ. ఒకే ఓనరు, 28 వేల కిలోమీటర్లు తిరిగింది, లోన్ లేదు. ముందు టైరు అరిగింది. ఇన్సూరెన్సు ఇంకో రెండు నెలలే ఉంది. అమ్మే ఆయన మియాపూర్‌లో ఉంటాడు, పగలంతా ఆఫీసు. అలాంటి బండ్లకు చుట్టుపక్కల వాళ్ళు ఎంత పెడుతున్నారో చూసి 45 వేలు అని ప్రకటన ఇచ్చాడు. 41 వేలకు కిందికి మాత్రం దిగకూడదని ఇంట్లో అనుకున్నారు. ఈ రెండో అంకె ఎక్కడా రాయడు, ఎవరికీ చెప్పడు. కానీ అది లేకుండా జవాబులు రాయడం మొదలుపెట్టకూడదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. "ఉందా?" అన్నదానికి "ఉంది" అంటే వ్యాకరణం ప్రకారం సరిపోతుంది, బేరం ప్రకారం సరిపోదు. మార్కెట్‌ప్లేస్‌లో ఇంకా ఉందా అన్న వాక్యం ముందే సిద్ధంగా ఉంటుంది. కొనేవాడు ఒక్కసారి నొక్కితే వెళ్ళిపోతుంది. అలా ఒకే కూర్చోడులో అర డజను బండ్లకు నొక్కేవాళ్ళుంటారు. అతనికి పైసా ఖర్చు లేదు, నిమిషం ఆలోచన లేదు. మీరు "ఉంది" అంటే ఆ సంభాషణ అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే తర్వాత మాట ఎవరు మాట్లాడాలో ఇద్దరికీ తెలీదు. "అడుగుతారు, జవాబిస్తే మాయమైపోతారు" అని అమ్మేవాళ్ళంతా చెప్పుకునే బాధకు సగం కారణం ఇదే.

కాబట్టి జవాబు అవతలి వ్యక్తి చేత ఒక చిన్న పని చేయించాలి. ఏదో ఒకటి ఎంచుకోమనాలి. మన మియాపూర్ ఆయన జవాబు ఇలా ఉంటే బాగుంటుంది:

"నమస్తే అండి. బండి ఉంది. 2019 యాక్టివా 5జీ, సింగిల్ ఓనర్, 28 వేల కి.మీ. తిరిగింది. లోన్ లేదు. ముందు టైరు మార్చుకోవాలి, ఇన్సూరెన్సు రెండు నెలలుంది. మియాపూర్ మెట్రో దగ్గర చూడొచ్చు. ఈ రోజు సాయంత్రం 6 తర్వాత వస్తారా, ఆదివారం పొద్దున వస్తారా?"

ఊరికే నొక్కినవాడు దీనికి బదులివ్వడు. ఇవ్వకపోతే మంచిదే, మన సమయం మిగిలింది. నిజంగా కావలసినవాడు "ఆదివారం" అంటాడు, లేదా "శనివారం కుదరదా?" అని అడుగుతాడు. ఏదన్నా మాట కదిలినట్టే. "ఎప్పుడు వస్తారు?" అని వదిలేస్తే మాత్రం "చెప్తా" అంటారు. ఆ చెప్తాకు తేదీ ఉండదు. రెండు సమయాలిచ్చి ఎంచుకోమనడం అందుకే.

ఆ జవాబులో అరిగిన టైరు ఎందుకు చెప్పాడు? మనవాళ్ళలో చాలామంది దాస్తారు, వచ్చాక చూసుకుంటాడులే అని. వచ్చాక చూస్తాడు. చూసి వంగి, టైరు మీద వేలు రుద్ది, నాలుక చప్పరించి రెండు వేలు తగ్గించమంటాడు. అదే టైరు సంగతి ముందే తెలిసి వచ్చినవాడికి ఆ నాటకానికి చోటుండదు. "టైరు సంగతి చెప్పానుగా అండి, 45 అన్నది అది లెక్కేసుకునే" అనొచ్చు. ముందే చెప్పిన లోపం ధరలో కలిసిపోతుంది, వచ్చాక బయటపడిన లోపం ధరను కోస్తుంది.

అండి అనే పిలుపు గురించి ఒక మాట. అడిగేది ఆడో మగో, పెద్దో చిన్నో ఆ ప్రొఫైల్ ఫోటోలోని మందారపువ్వు చెప్పదు. సర్ అని రాస్తే ఒక్కోసారి మేడమ్‌కు వెళ్తుంది. అవతలివాడు బ్రో అన్నాడు కదా అని మనమూ బ్రో అంటే బేరం దగ్గర మొహమాటం పడాల్సొస్తుంది. అండి అందరికీ సరిపోతుంది. హైదరాబాద్‌లో అయితే అడిగేవాళ్ళలో హిందీ వాళ్ళు కూడా ఉంటారు కనుక అదే జవాబు హిందీలోనో ఇంగ్లీషులోనో ఇంకోటి పెట్టుకోవడం మంచిది. ఏ భాషలో అడిగితే ఆ భాషదే పంపాలి.

ఇక రెండో ప్రశ్న. అసలు కథ ఇక్కడుంది.

"ఫైనల్ ఎంత?" అని అడిగేవాడికి బండి చూడాలని లేదు, ధర చూడాలని ఉంది. వాడి తప్పు కాదు. నాలుగు బండ్లు పక్కన పెట్టుకుని ఎవరు ఎక్కువ దిగుతారో చూస్తున్నాడు. మనం ఇక్కడ చేసే మామూలు పని ఏమిటంటే, మంచితనం చూపిస్తూ ఒక అంకె చెప్పేయడం. "45 పెట్టాను, 43కి ఇస్తాను లెండి." ఈ ఒక్క వాక్యానికి ఏం జరుగుతుందో చూడండి. ఆదివారం ఆయన వస్తాడు. ఆయన మనసులో ధర 45 కాదు, 43. బేరం అక్కడి నుంచి మొదలవుతుంది. టైరుకు వెయ్యి, ఇన్సూరెన్సుకు వెయ్యి, అద్దం మీద గీతకు ఐదొందలు. మీరు 41 దగ్గర నిలబడితే "ఫోన్లో అంత బాగా మాట్లాడారు, ఇక్కడికొచ్చాక ఇంత గట్టిగా ఉన్నారేంటండి" అని నొచ్చుకుంటాడు. రెండు వేలు ముందే వదిలేశారన్న సంగతి ఆయన లెక్కలో లేదు. ఇంట్లో కూర్చుని ఇచ్చిన తగ్గింపుకు విలువ ఉండదు.

ఫోన్లో అంకె చెప్పలేదనుకోండి. ఆయన 45 మనసులో పెట్టుకుని వస్తాడు. బండి స్టార్ట్ చేసి, వీధి చివరి దాకా వెళ్ళొచ్చి, టైరు మాట ఎత్తుతాడు. మీరు పదిహేను వందలు తగ్గిస్తారు. ఇంకో ఐదొందలు, ఇంకో ఐదొందలు అని లాగి 42,500 దగ్గర చేతిలో చెయ్యేస్తాడు. మీ కనీస ధర కంటే పదిహేను వందలు ఎక్కువే వచ్చింది, ఆయనకేమో రెండున్నర వేలు తగ్గించానన్న తృప్తి మిగిలింది. అదే బండి, అదే మనిషి.

అందుకని ధరకు రాసిపెట్టుకునే జవాబు తలుపు మూయకూడదు, అంకె చెప్పకూడదు:

"ధర 45 వేలండి. మీరు బండి చూసి, నడిపి చూశాక నచ్చితే కొంచెం మాట్లాడుకుందాం. చూడకముందు ఫోన్లో ధర తేల్చను. ఎప్పుడు వస్తారు, సాయంత్రమా, ఆదివారమా?"

"తగ్గేది లేదు" అని రాయకపోవడం గమనించండి. తగ్గించే ఉద్దేశం ఉండి కూడా అలా రాస్తే మంచి గిరాకీ పోతుంది, బేరమాడడం మర్యాద అనుకునే మన ఊళ్ళలో మరీనూ. అలాగని ప్రకటనలో "నెగోషియబుల్" అని తాటికాయంత అక్షరాలతో పెట్టడం కూడా నాకు నచ్చదు. ఆ మాట చదివినవాడు మీ ధరను అసలు ధరగా చూడడు, పాడుకోవడానికి పెట్టిన పాటగా చూస్తాడు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. కొనేవాడు వరంగల్ నుంచో, సంగారెడ్డి నుంచో బస్సెక్కి రావాలనుకోండి. "వచ్చాక మాట్లాడుకుందాం" అనడం అన్యాయం. ఆయన ఒక రోజు, చార్జీలు పోగొట్టుకోవాలి. అలాంటప్పుడు రాసిపెట్టుకున్న జవాబు పక్కన పెట్టి ఫోను చేసి మాట్లాడాలి. "42కి కిందికి రాలేనండి, ఆ లెక్కన కుదిరితేనే శ్రమపడండి" అని చెప్పేయాలి. ఇక్కడ కూడా 41 అనలేదు, చూడండి. చివర్లో ఆయనకో వెయ్యి వదలడానికి చోటు ఉంచుకున్నాడు.

మరీ కిందికి అడిగేవాళ్ళు వేరే జాతి. "28కి ఇస్తారా?" అంటారు. ఒళ్ళు మండుతుంది. "ఆ ధరకు బొమ్మ బండి కొనుక్కో" అని రాయాలనిపిస్తుంది. అందుకే దానికీ ఒక జవాబు ముందే ఉండాలి, చల్లగా ఉన్నప్పుడు రాసుకున్నది: "ఆ ధరకు ఇవ్వలేనండి. 45కి దగ్గర్లో మీకు వీలైతే చెప్పండి, బండి చూపిస్తాను." అంతే. రెండో మెసేజి వద్దు. ఈ 28 వాళ్ళలో ఒకరిద్దరు రెండు రోజుల తర్వాత 40 అంటూ మళ్ళీ వస్తారు. మొదటి రోజు తిట్టి ఉంటే రారు.

ఇవన్నీ ఎక్కడ పెట్టుకోవాలి? ఒక బండి అమ్మడానికి పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ కీబోర్డు వాడేవాళ్ళు జవాబును కాపీ చేసి, కీబోర్డు పైన క్లిప్‌బోర్డు తెరిచి, దాన్ని పిన్ చేసుకుంటే చాలు. పిన్ చేయకపోతే గంట తర్వాత అదే పోతుంది. ఐఫోన్‌లో Settings → General → Keyboard → Text Replacement దగ్గర జవాబు పెట్టి దానికో పొట్టి పేరు ఇచ్చుకోవచ్చు. ఇంటి దగ్గర చీరలో, పచ్చళ్ళో అమ్ముతూ రోజూ ఇవే ప్రశ్నలు ఎదుర్కొనేవాళ్ళకు మాత్రం వాట్సాప్ బిజినెస్ తగినది. అందులో Quick replies అనే చోట 50 దాకా జవాబులు దాచుకోవచ్చు. `/undi` అని ఒకటి, `/dhara` అని ఒకటి పెట్టుకుంటే, చాట్‌లో ఆ గీత కొట్టగానే జాబితా వస్తుంది. ఎంచుకున్న జవాబు వెంటనే వెళ్ళిపోదు, రాసే పెట్టెలోకి వచ్చి ఆగుతుంది. ఆ ఆగడమే మనకు కావలసింది.

ఎందుకంటే రాసిపెట్టుకున్న జవాబుల్లో వచ్చే పొరపాట్లన్నీ చూసుకోకుండా పంపడం వల్ల వచ్చేవే. సోమవారం నాడు "ఆదివారం పొద్దున వస్తారా" అని వెళ్తుంది, అవతలివాడు ఆరు రోజుల తర్వాతా అనుకుని వేరే బండి చూసుకుంటాడు. ఇంకొకామె "ఉందా? ఆర్‌సీ ఎవరి పేరు మీదుంది?" అని అడిగితే ఉందా అన్న దానికే జవాబు వెళ్తుంది. ఆమెకు మనిషి మాట్లాడుతున్నట్టు ఉండదు. సమయాల మాట ఎప్పుడూ జవాబు చివర్లోనే ఉంచుకుంటే మార్చడం తేలిక, వేలు అక్కడే ఉంటుంది. ఇంకేదైనా అడిగితే దానికి మొదటి వాక్యం చేత్తో రాసి, ఆ కింద దాచుకున్నది అతికించాలి.

ఆర్‌సీ మాటెత్తాం కాబట్టి, బండికి మూడో జవాబు కూడా కావాలి, కాగితాల గురించి. "ఆర్‌సీ నా పేరు మీదే ఉందండి. లోన్ లేదు, చలాన్లు కట్టేశాను. ఫారం 29, 30 మీద సంతకం పెట్టిస్తాను. ఒరిజినల్స్ వచ్చినప్పుడు చూసుకోండి." ఇది పంపే ముందు చలాన్లు నిజంగా కట్టారో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోండి. ఆర్‌సీ ఫోటో పంపమంటే పంపకండి. దాని మీద మీ అడ్రసు, ఛాసిస్ నంబరు అన్నీ ఉంటాయి. అదే కారణానికి ఏ జవాబులోనూ ఫ్లాట్ నంబరు రాయకూడదు. మెట్రో స్టేషనో, గుడో చెప్పి, మనిషి అక్కడికి చేరాక ఫోను చేయమంటే సరిపోతుంది.

ఇంకో రకం మెసేజి ఉంది. ఇందులో ఉందా అన్న ప్రశ్నా ఉండదు, బేరమూ ఉండదు. "నాకు నచ్చింది, 45కే తీసుకుంటా. నేను ఆర్మీలో పనిచేస్తాను, ట్రాన్స్‌ఫర్ మీద వెళ్తున్నా. బండి తీసుకెళ్ళడానికి మనిషిని పంపిస్తా. అడ్వాన్సు ఇప్పుడే వేస్తా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి." ఐడీ కార్డు ఫోటో కూడా పంపుతాడు. బండి చూడకుండా, ఒక్క రూపాయి బేరమాడకుండా పాత బండి కొనే మనిషి మన దేశంలో ఇంకా పుట్టలేదు. ఆ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు రావడం కాదు, పోవడం జరుగుతుంది. యూపీఐలో డబ్బు అందుకోవడానికి క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పనీ లేదు, పిన్ కొట్టాల్సిన పనీ లేదు. లావాదేవీలో పిన్ అడిగారంటే అది మన ఖాతాలోంచి తీయడానికే.

దీనికి జవాబు: "అడ్వాన్సు అక్కర్లేదండి. బండి చూసుకుని, ఎదురుగా డబ్బిచ్చి తీసుకెళ్ళండి." నిజమైన కొనుగోలుదారుకి ఈ మాట ఊరట. మోసగాడు మాత్రం వాదిస్తాడు, తొందరపెడతాడు, కొందరైతే కోప్పడతారు కూడా. అక్కడితో బ్లాక్ చేయడమే. ఎదురుగా యూపీఐ చేసినా, అతని ఫోన్లో పచ్చటిక్కు చూసి తాళం ఇవ్వకండి. మీ బ్యాంకు ఖాతాలో బ్యాలెన్సు చూసి ఇవ్వండి. ఇప్పటికే స్కాన్ చేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చెప్తే ఆ డబ్బు దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

అందరూ మరిచిపోయే జవాబు చివరిది. సాయంత్రం ఒకరు చూడ్డానికి వస్తామన్నారు, ఈలోగా ఇంకో ఇద్దరు ఉందా అన్నారు. ఏం చెప్పాలి? ఉంది అంటే ముగ్గురూ ఒకేసారి దిగుతారు. లేదు అంటే, సాయంత్రం రావాల్సిన మనిషి రాకపోతే చేతిలో ఎవరూ ఉండరు. "సాయంత్రం ఒకరు చూడ్డానికి వస్తున్నారండి. వాళ్ళు తీసుకోకపోతే రాత్రి 8కి మీకే మొదట చెప్తాను" అని రాసిపెట్టుకోండి. ఇది నిజం కూడా, అందుకే పనిచేస్తుంది. కొందరు గిరాకీ పెంచడానికి లేని మనిషిని సృష్టించి ఇలా రాస్తారు. రాత్రి ఎనిమిదికి మళ్ళీ తామే ఫోను చేయాల్సి వచ్చినప్పుడు అబద్ధం బయటపడుతుంది, ధర పడిపోతుంది.

మన మియాపూర్ బండి శనివారం రాత్రి అమ్ముడుపోయిందనుకుందాం. ఆదివారం పొద్దున వస్తానన్న మనిషి కూకట్‌పల్లిలో స్నానం చేసి, ఏటీఎంలో డబ్బు తీసుకుని బయల్దేరుతుంటాడు. ఆయనకు "బండి అమ్ముడుపోయిందండి, శ్రమ పెట్టినందుకు క్షమించండి" అన్న రెండు ముక్కలు ఆ రాత్రే వెళ్ళాలి. వెంటనే ప్రకటన తెరిచి అమ్ముడుపోయినట్టు గుర్తు పెట్టండి, లేకపోతే ఇంకో నెల దాకా ఉందా అని అడుగుతూనే ఉంటారు. పేరు మార్పిడికి ఇచ్చిన కాగితాల ఫోటోలు మీ దగ్గర ఉంచుకోండి. ఓనరు మారిన సంగతి 14 రోజుల్లోగా ఆర్‌టీఏకి తెలియజేయాల్సిన బాధ్యత అమ్మినవాళ్ళది కూడా. ఆర్‌సీలో పేరు మారేదాకా ఆ బండికి పడే ప్రతి చలానూ మీ పేరు మీదే వస్తుంది.